ప్లేటింగ్ సప్లయర్ దగ్గర పర్యావరణ, కార్మిక డిక్లరేషన్ తీసుకోవడం: సంతకం కన్నా అంకెలు ముఖ్యం

ప్రశ్న: మా బోల్టులకు ఏడేళ్లుగా ఒకే యూనిట్లో జింక్ ప్లేటింగ్ చేయిస్తున్నాం. పర్యావరణ, కార్మిక నిబంధనలు పాటిస్తున్నట్టు సప్లయర్ల దగ్గర డిక్లరేషన్ తీసుకోమని, ఇవ్వని వాళ్ల దగ్గర కొనొద్దని మా పెద్ద కస్టమరు అంటున్నారు. దొరికిన ఫార్మాట్ ఒకటి పంపితే ఒక్క రోజులో సంతకం పెట్టి పంపేశారు. ఇది సరిపోతుందా? వాళ్లు నిజంగా పాటించడం లేదని తేలితే వెంటనే కొనడం ఆపేయాలా?

జవాబు:

ఒక్క రోజులో తిరిగొచ్చిందంటే ఆ కాగితాన్ని అక్కడ ఎవరూ చదవలేదనే అనుకోవాలి. తప్పంతా వాళ్లదే అనలేం. "మేము అన్ని చట్టాలూ పాటిస్తున్నాం" అన్న వాక్యం కింద సంతకం అడిగితే ఎవరైనా పెట్టేస్తారు. అది అబద్ధమైతే పట్టుకునే దారి ఆ వాక్యంలో లేదు కాబట్టి. నేను పంతొమ్మిదేళ్లుగా కొనుగోలు విభాగంలో ఉన్నాను. అందులో సగం కాలం ప్లేటింగ్, పెయింటింగ్ చేసే చిన్న యూనిట్లతోనే గడిచింది. మొదట్లో కొన్నేళ్లు నేనూ అలాంటి కాగితాలే ఫైల్లో పెట్టుకున్నాను. వాటి వల్ల ఏ కాలవలోనూ నీళ్లు శుభ్రపడలేదు, ఎవరి పని గంటలూ తగ్గలేదు.

ఆ తర్వాత అడిగే పద్ధతి మార్చాను. "పాటిస్తున్నారా" అని అడగడం మానేసి, ఒకదానితో ఒకటి సరిపోవాల్సిన అంకెలు కొన్ని రాయించి వాటి కింద సంతకం తీసుకోవడం మొదలుపెట్టాను. అంకెలు నిజమైతే ఒకదానికొకటి పొసగుతాయి. ఒకటి మార్చి రాస్తే మిగతావి దాన్ని బయటపెడతాయి. మీకూ ఇదే చెబుతాను.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. పర్యావరణ డిక్లరేషన్ అడగగానే చాలామంది ప్లేటర్లు రోస్ డిక్లరేషన్ పంపిస్తారు. అది వస్తువుకు సంబంధించినది. వస్తువులో హానికర పదార్థాలు పరిమితి దాటలేదని, ఉదాహరణకు పూతలో హెక్సావాలెంట్ క్రోమియం బరువులో 0.1 శాతం దాటలేదని చెబుతుంది, అంతే. మీ బోల్టు మీద పూత శుభ్రంగా ఉండి, ఆ బోల్టు కడిగిన నీళ్లు శుద్ధి కాకుండా కాలవలోకి పోతూ ఉండొచ్చు. మీరు అడుగుతున్నది ఆ రెండో విషయం. అలాగే ఐఎస్ఓ 14001 సర్టిఫికెట్ పంపితే తీసుకోండి కానీ దాన్ని జవాబుగా లెక్కేయకండి. పర్యావరణ పనిని నడిపించే పద్ధతి ఒకటి ఆ సంస్థలో ఉందని అది చెబుతుంది. నిన్న శుద్ధి ప్లాంటు నడిచిందో లేదో చెప్పదు. ఏ చిరునామాకు ఇచ్చారో కూడా చూడండి. ఆఫీసు చిరునామాతో సర్టిఫికెట్ ఉండి, ప్లేటింగ్ వేరే షెడ్డులో జరిగిన సందర్భాలు నేను రెండు చూశాను.

కార్మికుల విషయంలోనూ సర్టిఫికెట్ మీద భారం వేయకూడదు. 2012 సెప్టెంబరులో కరాచీలో ఒక బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి కార్మిక ప్రమాణాలకు ఇచ్చే ఎస్ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది.

ఇక రాయించాల్సిన అంకెలు. జింక్ ప్లేటింగ్ యూనిట్‌కు నేను అడిగేవి ఇవి: గత మూడు నెలల్లో నెలవారీగా ఎన్ని టన్నులు ప్లేటింగ్ చేశారు, కొత్త నీళ్లు రోజుకు ఎంత తీసుకున్నారు, శుద్ధి ప్లాంటులోకి ఎంత వెళ్లింది, ఆ ప్లాంటు కరెంటు మీటరు ఎంత తిరిగింది, బురదలోంచి నీళ్లు పిండే ఫిల్టర్ ప్రెస్ నుంచి వచ్చిన బురద ఎంత, దాన్ని ఎవరికి అప్పగించారు, ఎంతమంది ఎన్ని గంటలు పని చేశారు. ఒక్క పేజీలో సరిపోతుంది. నలభై పేజీల ప్రశ్నపత్రం పంపకండి. పదిమంది పని చేసే యూనిట్లో దాన్ని నింపేది ఓనరు కాదు, బయట డబ్బు తీసుకుని నింపిపెట్టే కన్సల్టెంటు. అతని అంకెలు చక్కగా ఉంటాయి, మీకు పనికిరావు.

ఒక ఉదాహరణ చెబుతాను. బోల్టులు, వాషర్లు బ్యారెల్లో ప్లేటింగ్ చేసే ఒక యూనిట్, మీ దాని లాంటిదే. వాళ్ల పేజీలో రోజుకు 30 కిలోలీటర్ల కొత్త నీళ్లు, శుద్ధి ప్లాంటులోకి 9 కిలోలీటర్లు అని రాశారు. ప్లేటింగ్‌లో నీళ్లు ఎక్కువగా ఖర్చయ్యేది కడగడానికి. యాసిడ్ తర్వాత ఒకసారి, జింక్ తర్వాత ఒకసారి, పాసివేషన్ తర్వాత ఒకసారి కడుగుతారు. ఆ కడుగు నీళ్లన్నీ శుద్ధికే పోవాలి. కొంత ఆవిరవుతుంది, కొంత తడి బోల్టులతో డ్రైయర్‌లోకి వెళ్తుంది, ఇరవై అయిదు మంది తాగడానికీ బాత్రూములకీ ఒకటి రెండు కిలోలీటర్లు పోతుంది. ఎంత ఉదారంగా లెక్కేసినా 30లో 21 మాయం కావు.

రెండో అంకె కరెంటు. శుద్ధి ప్లాంటులో పంపులు, గాలి కొట్టే బ్లోయరు, కలిపే మోటార్లు అన్నీ కలిపి 4 కిలోవాట్లు. షిఫ్టు నడిచే ఎనిమిది గంటలూ ప్లాంటు కూడా నడిస్తే 26 పనిదినాలకు 832 యూనిట్లు కావాలి. మోటార్లు ఎప్పుడూ పూర్తి లోడు మీద ఉండవు కాబట్టి 550, 600 వచ్చినా నేను ప్రశ్నించను. అక్కడ ఉన్నది 210. అంటే పూర్తి లోడు మీద నడిపినా రోజుకు రెండు గంటలు. నీళ్ల లెక్క, కరెంటు లెక్క ఒకే కథ చెబుతున్నాయి: వచ్చిన నీళ్లలో మూడో వంతు మాత్రమే శుద్ధికి వెళ్తోంది. ఒక అంకె ఒక్కటే తేడాగా ఉంటే మీటరు పాడైందనో రాసిన మనిషి పొరబడ్డాడనో అనుకోవచ్చు. రెండు వేర్వేరు మీటర్లు ఒకే దిక్కు చూపిస్తే వెళ్లి చూడాల్సిందే.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. వాళ్లు దీంతో పాటు ల్యాబ్ రిపోర్టు కూడా జత చేశారు. శుద్ధి చేసిన నీళ్లలో జింక్, క్రోమియం, పీహెచ్ అన్నీ పరిమితిలోనే ఉన్నాయి. రిపోర్టు దొంగది కాదు. శుద్ధి ప్లాంటు నడిచిన ఆ రెండు గంటల్లో పట్టిన సీసాను ల్యాబుకు పంపారు, ల్యాబు ఉన్నది ఉన్నట్టు రాసింది. అందుకే రిపోర్టులో మొదట నేను చూసేది ఫలితం కాదు, నమూనా ఎవరు తీశారన్న గడి. "కస్టమర్ తెచ్చి ఇచ్చిన నమూనా" అని ఉంటే అది ఆ సీసా గురించిన రిపోర్టు మాత్రమే. ల్యాబు మనిషే వచ్చి, షిఫ్టు పొడవునా గంటకోసారి తీసి కలిపిన నమూనా అయితే దానికి బరువుంటుంది.

వెళ్లి చూస్తే కారణం తెలిసింది. బురద నిల్వ చేసే గది నిండిపోయి ఉంది. దాన్ని తీసుకెళ్లే అనుమతి ఉన్న సంస్థ, లారీ నిండేంత ఉంటే తప్ప రాదు. గదిలో లారీకి సరిపడా పట్టదు. శుద్ధి ప్లాంటు ఎంత నడిపితే అంత బురద వస్తుంది కాబట్టి, బురద పెట్టుకోవడానికి చోటు లేక ప్లాంటునే తక్కువ నడిపించారు. మిగతా నీళ్లు పక్క పైపులోంచి బయటికి. ఓనరు దాచాలని చూడలేదు, నేను అడిగేదాకా ఎవరూ అడగలేదన్నారు.

పరిష్కారం ఫిల్టర్ ప్రెస్ దగ్గర దొరికింది. ప్రెస్‌లోని గుడ్డలు మూసుకుపోయి బురద సరిగ్గా పిండుకోవడం లేదు. ముద్దలో 80 శాతం నీళ్లే. కొత్త గుడ్డలు వేసి, చివర్లో గాలి ఎక్కువసేపు కొడితే అది 65 శాతానికి దిగింది. వినడానికి చిన్న తేడాలా ఉంటుంది. లెక్క చూడండి: వెయ్యి కిలోల ముద్దలో మొదట గట్టి పదార్థం 200 కిలోలు. అదే 200 కిలోలు కొత్త ముద్దలో 35 శాతం అవుతుంది కాబట్టి మొత్తం బరువు 571 కిలోలే. అదే గదిలో దాదాపు రెట్టింపు రోజుల బురద పట్టింది, లారీ లోడు నిండింది, ప్లాంటు షిఫ్టంతా నడిచింది. పక్క పైపును కోసేసి మూతి వెల్డింగ్ చేయించి ఫొటో పంపమన్నాను. తర్వాతి నెల కరెంటు మీటరు 580 తిరిగింది.

మొదటి డిక్లరేషన్ రాగానే "మీరు నిబంధన ఉల్లంఘించారు, ఆర్డర్లు ఆపేస్తున్నాం" అని నేను రాసి ఉంటే ఇందులో ఏదీ జరిగేది కాదు. ఆ నీళ్లు అక్కడే పారుతూ ఉండేవి, వేరే కస్టమరు సరుకు కడుగుతూ. ఇంకో నష్టం కూడా ఉంది. నిజం రాసినవాడికి ఆర్డర్లు పోయాయని మిగతా సప్లయర్లకు రెండు రోజుల్లో తెలిసిపోతుంది. అక్కడి నుంచి మీకు వచ్చే ప్రతి పేజీలో అంకెలు అద్దినట్టు సరిపోతాయి. అందుకే మీరు పంపే ఉత్తరంలో ఈ తేడా స్పష్టంగా రాయండి: లోపం ఉందని చెప్పి, దిద్దుకునే ప్రణాళిక ఇచ్చినవాళ్ల దగ్గర కొనుగోలు ఆగదు. లోపం దాచినా, డిక్లరేషన్ ఇవ్వడానికే ఒప్పుకోకపోయినా ఆగుతుంది.

ఇక పని గంటలు. ఇక్కడే నాకు పెద్ద పాఠం దొరికింది. అదే యూనిట్ హాజరు పట్టీ ప్రకారం ఒకటే షిఫ్టు, ఓవర్‌టైమ్ లేదు, ఆదివారం సెలవు. కానీ ఉత్పత్తి అంకె పక్కన పెట్టి చూడండి. వాళ్ల లైనులో ఒక్కో బ్యారెల్‌కు 50 కిలోలు పడతాయి, పది నిమిషాలకు ఒక బ్యారెల్ బయటికొస్తుంది. అంటే గంటకు 300 కిలోలు, అంతకన్నా లాగితే పూత మందం రాదు. రోజుకు ఎనిమిది గంటలు, 26 రోజులు, మొత్తం 208 గంటలు. ఆ నెల వాళ్లు చేసింది 84 టన్నులు. దానికి లైను 280 గంటలు నడవాలి. 72 గంటలు ఎక్కడి నుంచి వచ్చాయి? రోజుల మీద పంచితే రోజుకు రెండు గంటల నలభై అయిదు నిమిషాలకు పైనే. వారానికి 48 గంటలకు తోడు ఇంకో పదహారు, పదిహేడు గంటలు.

పోల్చుకోవడానికి: అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒడంబడికలోనే, 1919లో, పరిశ్రమల్లో పని వారానికి 48 గంటలని పెట్టింది. ఎస్ఏ 8000 ప్రమాణం ఓవర్‌టైమ్‌ను వారానికి 12 గంటల దగ్గర ఆపుతుంది, అది కూడా కార్మికుడి ఇష్టంతో, ఎక్కువ కూలితో. మీ దేశపు చట్టంలో ఇంకా తక్కువ ఉండొచ్చు, అప్పుడు అదే వర్తిస్తుంది.

రెండో రిజిస్టరు ఉందా అని ఓనరును అడిగాను. కాసేపు ఆగి తీసి చూపించారు. ఓవర్‌టైమ్ డబ్బు ఇస్తున్నారు కానీ మామూలు రేటుకే, చేతికి నగదుగా. ఆ రిజిస్టరులో తారీఖులు చూస్తే దాదాపు అన్ని అదనపు గంటలూ నెల చివరి పది రోజుల్లోనే ఉన్నాయి. ఆ పది రోజులు మా కంపెనీ ఆర్డర్లు గుమ్మరించే రోజులు. అమ్మకాల లక్ష్యం అందుకోవడానికి 25వ తారీఖున ఆర్డరిచ్చి 30కల్లా సరుకు కావాలనేది మేమే. వాళ్ల దగ్గర డిక్లరేషన్ తీసుకునే హక్కు మాకుంటే, మేం చేసేది కూడా దాని పక్కనే రాయాలనిపించింది. తర్వాతి ఒప్పందంలో మా వైపు నుంచి ఒక మాట చేర్చాం: ఆర్డరు పరిమాణాన్ని రెండు వారాల ముందే ఖాయం చేస్తాం, ఆ తర్వాత పెంచితే గడువు కూడా పెంచుతాం. మా సేల్స్ వాళ్లను ఒప్పించడానికి ప్లేటరును ఒప్పించిన దానికన్నా ఎక్కువ కాలం పట్టింది. మీ దగ్గర కూడా డిక్లరేషన్ పంపే ముందు మీ ఆర్డర్ల తారీఖులు ఒకసారి తీసి చూసుకోండి.

డిక్లరేషన్ మాటల్లో రెండు చోట్ల జాగ్రత్త అవసరం. ఒకటి, "మా ఉద్యోగులు" అని రాయనివ్వకండి. ప్లేటింగ్ యూనిట్లో బురద ఎత్తేవాళ్లు, యాసిడ్ డబ్బాలు దించేవాళ్లు చాలాసార్లు కాంట్రాక్టరు మనుషులు. అన్నిటికన్నా ప్రమాదకరమైన పని చేసేవాళ్లే ఆ మాటతో లెక్కలోంచి జారిపోతారు. రెండు, స్థలం పేరు రాయించండి. రద్దీ నెలల్లో మీ సరుకు వేరే షెడ్డుకు వెళ్తే ఈ అంకెలకు అర్థం ఉండదు. నేను వాడే వాక్యాలు ఇలా ఉంటాయి, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"ఈ అంకెలు ఫలానా చిరునామాలోని యూనిట్‌కు చెందినవి. మీ సరుకుపై పని ఈ చిరునామాలోనే జరుగుతుంది, రాతపూర్వక అనుమతి లేకుండా వేరే చోటికి పంపం. కార్మికులకు సంబంధించిన అంకెలు, ఎవరి ద్వారా వచ్చినా, ఈ ప్రాంగణంలో పని చేసే ప్రతి ఒక్కరికీ వర్తిస్తాయి. ఏ కార్మికుడి గుర్తింపు పత్రాలూ మా దగ్గర ఉంచుకోలేదు. 18 ఏళ్లలోపు వారెవరూ రసాయనాల దగ్గర పని చేయడం లేదు. ఇందులో ఏది మారినా 15 రోజుల్లో తెలియజేస్తాం. మీటర్లు, రిజిస్టర్లు చూడటానికి మీ ప్రతినిధిని అనుమతిస్తాం."

సంతకం మార్కెటింగ్ చూసే అతనిది కాకుండా, యూనిట్ నడిపే బాధ్యత ఉన్న మనిషిది కావాలి. ఏడాదికోసారి కొత్తది తీసుకోండి. అంకెలు మాత్రం మూడు నెలలకోసారి తెప్పించుకుంటే ధోరణి కనిపిస్తుంది.

షరతును ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. ఇప్పటికే ఒప్పుకున్న పర్చేజ్ ఆర్డర్ల మీద వెనక్కి వెళ్లి కొత్త షరతు రుద్దలేరు, అది మీ వైపే ఒప్పంద ఉల్లంఘన అవుతుంది. ఫలానా తారీఖు తర్వాత ఇచ్చే ఆర్డర్లకు వర్తిస్తుందని రాసి, ఆ ఆర్డరు నిబంధనల్లో ఈ డిక్లరేషన్‌ను భాగం చేయండి. నింపడానికి 30 రోజులు ఇవ్వండి. దిద్దుబాటుకు గడువు లోపాన్ని బట్టి ఉండాలి. ప్రెస్ గుడ్డలు వారంలో మారతాయి, కొత్త ట్యాంకు కట్టాలంటే నాలుగైదు నెలలు పడుతుంది. ఒక్క పని మాత్రం ఎప్పుడూ చేయకండి: అందుకున్న సరుకుకు బిల్లు ఆపి ఒత్తిడి పెట్టకండి. చిన్న యూనిట్లో బిల్లు ఆగితే ఆ నెల ఆగేది జీతాలే. ఏ కార్మికుల కోసం ఈ కాగితం అడిగారో వాళ్లకే ఆ దెబ్బ తగులుతుంది.

గడువు ఇవ్వకుండా పట్టించుకోవాల్సినవి కొన్నున్నాయి. గుర్తింపు పత్రాలు లాక్కోవడం, అప్పు పేరుతో మనిషిని కట్టేసి ఉంచడం, బయటికి వెళ్లే దారికి తాళం, పిల్లలు పని చేయడం. వీటిని చూసిన రోజే ఆపించాలి. అప్పుడు కూడా మీ ఆర్డరు ఆపడం మొదటి పని కాదు. యాసిడ్ ట్యాంకు దగ్గర పదిహేనేళ్ల పిల్లవాడు కనిపిస్తే ఆ క్షణమే అక్కడి నుంచి తప్పించాలి. కానీ "రేపటి నుంచి కనిపించకూడదు" అని మాత్రమే చెప్పి వచ్చేస్తే ఆ అబ్బాయి ఇంకా అధ్వానమైన చోట తేలతాడు. రావాల్సిన జీతం ఇప్పించి, బడికి వెళ్లే ఏర్పాటు, వీలైతే ఆ ఇంట్లో పెద్దవాళ్లకు ఆ పని ఇప్పించడం, స్థానికంగా పిల్లల సంరక్షణ చూసే అధికారులకు తెలపడం, ఇవన్నీ సప్లయరు ఖర్చుతో జరిగేలా రాయించుకోండి.

మీ చివరి ప్రశ్నకు వస్తే, కొనడం ఆపాల్సిన రోజు కూడా వస్తుంది. నాకు ఇన్నేళ్లలో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ కారణం ఒకటే: లోపం దొరికినందుకు కాదు, దిద్దుతామని సంతకం పెట్టిన తారీఖు రెండుసార్లు దాటిపోయి, మూడోసారి అంకెలు కల్పించి పంపినందుకు. ఒకరి విషయంలో మూడు నెలల నీళ్ల రీడింగులూ ప్రతి రోజూ సరిగ్గా 28.0 అని ఉన్నాయి, ఆదివారాలతో సహా. నిజంగా చదివిన మీటరు అలా ఉండదు.

ఆపేటప్పుడు ఒక్కసారిగా కోయకండి. మొదట కొత్త భాగాలు ఇవ్వడం మానండి, తర్వాత పాత ఆర్డర్లను రెండు మూడు నెలల్లో తగ్గించుకుంటూ రండి, ఆ లోగా అక్కడి వాళ్లు వేరే పని చూసుకునే వీలుంటుంది. ఉన్న బిల్లులన్నీ గడువులోపు చెల్లించండి. ఆఖరి ఉత్తరంలో ఏ అంకె ఎందుకు నమ్మలేకపోయారో, మళ్లీ మీ దగ్గరికి రావాలంటే ఏ మీటరు ఎంత చూపించాలో రాయండి. ఆ మూడింటిలో ఒక యూనిట్ ఏడాదిన్నర తర్వాత ఆ ఉత్తరం కాపీ చేత్తో పట్టుకుని వచ్చింది. వెళ్లి మీటర్లు చూశాను, ఆ వారమే ట్రయల్ ఆర్డరు ఇచ్చాను.